గాలయ్య మైకు, బిక్షమ్మ షుగరు

మా ఊళ్లో గాలయ్య గొంతు పడని చెవి లేదు. ఉల్లిగడ్డ వచ్చినా, పింఛన్లు వచ్చినా, ఎవరి మేకపిల్ల తప్పిపోయినా, ఎవరు కాలం చేసినా ఆ కబురు అతని మైకులోంచే మాకు తెలుస్తుంది. గొల్లోళ్ల ఇంట పుట్టి, గొర్లు కాయడం చేతకాక, తండ్రి పోయాక మందనంతా అమ్మి ట్రాలీ ఆటో కొన్నాడు. పైన రెండు హారన్లు కట్టించుకున్నాడు. ఇప్పుడు అందరూ ఫోన్లో మాటలు రికార్డు చేసుకుని, డ్రైవర్ బీడీ తాగుతూ తిరుగుతుంటే అదే వాగుతూ ఉంటుంది. గాలయ్య మాత్రం ఆ పని ససేమిరా చేయడు. "రికార్డు మనిషి మొకం జూసి మాట్లాడ్తదా చెల్లె?" అంటాడు నాతో.

అతని పద్ధతి వేరు. ఎడమ చేత్తో మైకు, కుడి చేత్తో హ్యాండిల్. ఇంటింటి ముందూ బండి నెమ్మది చేసి, ఆ ఇంటి మనిషిని పేరు పెట్టి పిలుస్తాడు. "లింగస్వామి బావా, ఉల్లిగడ్డ సౌకగున్నది, నీ పెండ్లాం మొన్న లేదన్నది గద, బయటికి రా." లింగస్వామి నవ్వుకుంటూ సంచి పట్టుకుని వస్తాడు. ఊరంతా అలాగే అలవాటు పడింది. తన పేరు మైకులో రాకపోతే అలిగే ముసలమ్మలు కూడా ఉన్నారు.

నేను ఈ ఊరి ఆశా కార్యకర్తను, పేరు మల్లీశ్వరి. నాకు కోపం ఎక్కువ అని అందరూ అంటారు. నిజమే. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా బీపీ చూపించుకోని మనుషుల మధ్య పన్నెండేళ్లు తిరిగితే మీకూ వస్తుంది. ఇక్కడ రాస్తున్నది గాలయ్య గురించి. రాస్తానని చెబితే "రాయి చెల్లె, నాకు తగిందే" అన్నాడు. ఇందులో వచ్చే బిక్షమ్మను పేరు మార్చమంటావా అని అడిగితే, "ఊరంత తెలిసినంక ఇంకేం మారుస్తవు" అంది. ఇందులోనే ఉన్న గోపమ్మ కూడా చాలా రోజులు నానబెట్టి, చివరికి సరే అంది.

ఒక ఏడు వానాకాలం నాట్లప్పుడు మా ఊళ్లో బీపీ, షుగర్ పరీక్షల శిబిరం పెట్టాలని పైనుంచి చెప్పారు. పోస్టర్లు వచ్చాయి. నీలం రంగు కాగితం మీద చేతికి బీపీ పట్టీ కట్టించుకుంటున్న ఒక నవ్వు మొహం. ముప్పై ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ రావాలి, ఉచితం, గ్రామ పంచాయతీ ఆఫీసు, బుధవారం పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు వరకు. పాల కేంద్రం గోడ మీద ఒకటి, రేషన్ దుకాణం తలుపు మీద ఒకటి, కల్లు మండువ దగ్గర ఒకటి అంటించాను. కల్లు మండువ దగ్గరిది మర్నాటికే చిరిగి, దాంట్లో ఎవరో కల్లులో నంజుకునే ఉడికించిన గుడాలు పొట్లం కట్టుకున్నారు. అందుకే గాలయ్యను పిలిచాను.

"అన్నా, పోస్టర్ల ఉన్నది ఉన్నట్టు చెప్పు. పరగడుపున రానక్కర్లేదు, తిని వచ్చినా చూస్తరు. రోజూ వేసుకునే గోలీలు మానొద్దు, ఎప్పటిలెక్కనే వేసుకోని రావాలె. పాత చిట్టీలు, గోలీల డబ్బ, ఆధార్ కార్డు తెచ్చుకోవాలె. అర్ధగంట ముందు నుంచి చాయ, బీడీ ముట్టొద్దు. ఇంతే. ఎక్కువ తక్కువ చెప్పకు."

"నాకు చెప్పాల్నా చెల్లె," అన్నాడు. పోస్టరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మంగళవారం పొద్దుగూకే వేళ, కూలికి పోయిన వాళ్లంతా ఇండ్లకు చేరాక, బండి బయలుదేరింది. నేను ఇంట్లో బియ్యం ఏరుకుంటూ వింటున్నాను. పోస్టర్లో ఉన్న మాటలు ఉన్నట్టే చెబుతున్నాడు. ఫర్వాలేదే అనుకున్నాను. బండి చర్చి వెనక ఇండ్ల వైపు తిరిగింది. అక్కడ గొంతు మెత్తబడింది, ప్రేమ వచ్చినప్పుడు అతని గొంతు అలాగే అవుతుంది.

"బిక్షమ్మక్కా. ఓ బిక్షమ్మక్కా. నువ్వు తప్పక రావాలె. పోయిన నెల నా ఆటోల్నే గద రామన్నపేట దవాఖానకు పోయింది. షుగర్ మూడు వందల ముప్పై అని సారు చెప్పంగ నేను గూడ విన్న. గోలీలు సక్కగ ఏస్కుంటున్నవో లేదో. రేపు వచ్చి చూపించుకో అక్కా, నిర్లక్ష్యం చెయ్యకు."

నా చేతిలో చేట అలాగే ఆగిపోయింది. ఊరంతా విన్నది. రెండు హారన్లు, గాలి కూడా అటునుంచి ఇటే వీస్తోంది. ఇక వినని వాళ్లు ఉండరు.

బిక్షమ్మ సంగతి చెప్పాలి. భర్త ఇస్రాయేలు లేడు, మేస్త్రీ పనికి పోయి పట్నంలో పరంజా మీదినుంచి పడి పోయాడు. ఒక్క బిడ్డ గ్రేస్, నల్గొండ కాలేజీలో చదువుతోంది. బిక్షమ్మ నాట్ల ముఠాలో పనిచేస్తుంది. ఆ ముఠాకు పెద్ద గోపమ్మ. ఇరవై మంది ఆడవాళ్లు, ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటారు, వచ్చింది సమానంగా పంచుకుంటారు. అందరికీ సమానం కాబట్టి ఒకరు వరుసలో వెనకబడితే మిగతా వాళ్లు ఆ వరుస కూడా ఈడ్చాలి. ఒళ్లు బాగాలేని మనిషిని ముఠాలో ఉంచుకోరు. తిట్టి పంపరు, మర్యాదగానే "నువ్వు ఇంట్ల ఉండి దవాఖాన చూస్కో బిడ్డా" అంటారు. ఆ తర్వాత ఆ మనిషిని ఎవరూ పిలవరు. అందుకే బిక్షమ్మ నాకు కూడా చెప్పకుండా షుగర్ దాచుకుంది. మాటిమాటికీ ఒంటికి పోవాల్సి వచ్చి, పొలంలో చాటు లేక, ముఠా కంట పడుతుందని పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేసింది. ఆమెను దవాఖానకు తీసుకుపోయిన గాలయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. అతనికి చెప్పింది కూడా లేదు. తోడు ఎవరూ లేరని డాక్టరు గదిలోకి పాపం అతనే వెంట పోయాడు.

బుధవారం పొద్దున నేను పంచాయతీ ఆఫీసు ఊడుస్తుంటే గాలయ్య వచ్చాడు. మొహం ఏదోలా ఉంది. ముఠాను పొలానికి దింపేది కూడా అతని ఆటోనే.

"అక్కను ఎక్కించుకోలే చెల్లె," అన్నాడు.

"ఎవరు ఎక్కించుకోలే?"

"గోపమ్మ. బిక్షమ్మక్క సద్ది గిన్నె పట్టుకోని బాట మీద నిలవడ్డది. బండి ఆపిన. గోపమ్మ లోపట్నుంచే, నువ్వు ఇయ్యాల దవాఖాన చూస్కో బిడ్డా, మేం పోతం అన్నది. నడువు గాలయ్యా అన్నది. నేను నడిపిన."

"నడిపినవా?"

"నడిపిన."

నాకు ఒళ్లు మండింది. "నీ నోట్ల మన్ను పడ. ఎవడు చెప్పమన్నడు నిన్ను? పోస్టర్ల ఉన్నది చెప్పు అంటే మనిషి కడుపుల ఉన్నది చెప్తవా? ఆమె నిన్ను నమ్ముకోని దవాఖానకు వచ్చింది గద. ఉల్లిగడ్డ అనుకున్నవా ఆమెను?"

ఎప్పుడూ ఒకటికి నాలుగు చెప్పే మనిషి, గోడ పక్కన గొంతుక్కూర్చుని నేల మీద పుల్లతో గీతలు గీశాడు. "మంచికే చెప్పిన అనుకున్న," అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఇంకా కోపం వచ్చింది, ఎందుకంటే అది నిజం.

ఎనిమిదింటికి అనూహ్య వచ్చింది. మా సబ్ సెంటర్లో కొత్తగా చేరిన నర్సు, నల్గొండ పిల్ల, చలాకీ మనిషి. ఒక బల్ల మీద బీపీ మిషను, ఇంకో బల్ల మీద షుగర్ చూసే మిషను, సూదులు, పట్టీలు, దూది సర్దింది. రాసే బల్ల నాది, తలుపు దగ్గర. బయట ఇరవై కుర్చీలు వేయించాం. తొమ్మిదయినా ఇద్దరే వచ్చారు, ఇద్దరూ రిటైరయిన వాళ్లు, వాళ్ల బీపీ వాళ్లే పదిమందికి చెప్పుకునే రకం. మిగతా జనం గేటు దాకా వచ్చి తొంగిచూసి పోతున్నారు. లింగస్వామి గేటు బయటే నిలబడి అడిగాడు.

"ఇయ్యాల చూసినయి సాయంత్రం మైకుల సదువుతరా?"

"సదవం లింగస్వామీ, రా."

"మళ్ల వస్త," అన్నాడు. రాలేదు. ఇంకెవరూ రాలేదు. గాలయ్య ఆ మాట విన్నాడు, గోడకు ఇంకా దగ్గరగా జరిగాడు.

పదింటికి బిక్షమ్మ వచ్చింది. కూలికి కట్టుకునే చీరే కట్టుకుని ఉంది. చేతిలో గోలీల డబ్బా, పాత చిట్టీ. గాలయ్య వైపు కన్నెత్తి చూడలేదు. కుర్చీలో కూర్చుంది.

"కూలికి పోయేది లేదు గద. ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె. చూడు," అంది నాతో.

నీళ్లు ఇచ్చాను, తాగింది. అనూహ్య ఆమెను ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, కాళ్లు నేలకు ఆనించి, చేయి బల్ల మీద పెట్టించి బీపీ చూసింది. కొంచెం ఎక్కువే గాని భయపడేంత లేదు. తర్వాత వేలు తుడిచి, సూదితో పొడిచి, రక్తపు చుక్కను పట్టీకి అందించింది. మిషను లెక్కపెట్టుకుంది. నేను కలం పట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నాను. నా బల్లకూ ఆమె బల్లకూ మధ్య హాలంత దూరం. అనూహ్య ప్రతి శిబిరంలో చేసినట్టే, మేమందరం చేసేటట్టే, తల ఎత్తి కేకేసింది.

"అక్కా, బిక్షమ్మ, షుగర్ మూడు వందల పన్నెండు. రాసుకో."

గేటు దగ్గర నిలబడ్డ నలుగురు ఇటు తిరిగారు.

బిక్షమ్మ వేలి మీద దూది నొక్కుకుని కూర్చుంది. "మీకు మైకు గూడ అవసరం లేదు బిడ్డా," అంది.

అంత మెల్లగా అంది. అనూహ్య మొహం తెల్లబోయింది. నేను పొద్దున గాలయ్యను తిట్టిన తిట్లన్నీ నా నోట్లోకే తిరిగి వచ్చి కూర్చున్నట్టయింది. ఎన్ని శిబిరాల్లో ఇలా పేర్లూ అంకెలూ కేకలేసుకున్నామో. ఒక్కరు కూడా మమ్మల్ని అడగలేదు. అడగలేదు కాబట్టి తప్పు కాదనుకున్నాం. బల్ల కిందికి దూరాలనిపించింది.

ఎవరూ ఏమీ అనకముందే గాలయ్య లేచి బయటికి పోయాడు. పారిపోయాడు అనుకున్నాను. ఆటో మీద కప్పే పెద్ద టార్పాలిన్ పట్ట భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. కిటికీ ఊచకూ బీరువా పిడికీ తాడు కట్టి, హాలు మూలను మూసేశాడు. బీపీ బల్ల, షుగర్ బల్ల, నా రాసే బల్ల మూడూ లోపలికి జరిపాడు. ఒక్క కుర్చీ వేశాడు. ఆ పట్టకు ఉల్లిగడ్డ వాసన. పని చేస్తున్నంత సేపూ బిక్షమ్మ అక్కడే కూర్చుని ఉంది, అతను ఆమె వైపు చూడలేదు.

"మైకుల చెప్పిరా అన్నా, పరదా కట్టినమని," అన్నాను.

"మైకు ముట్ట," అన్నాడు.

నడిచి పోయాడు. ఇల్లిల్లూ తిరిగాడు. తలుపు దగ్గర నిలబడి, లోపలికి పోకుండా, గొంతు తగ్గించి చెప్పాడట. పరదా కట్టినం, లోపట ఒక్కరే, ఎవ్వరికి తెల్వదు అని. కొన్ని ఇండ్లల్లో మొహం మీదే తలుపు వేశారు. "నువ్వు చెప్తె నమ్మాల్నా" అన్నారు. అయినా మధ్యాహ్నానికి ఒకరొకరు రావడం మొదలుపెట్టారు. లింగస్వామి కూడా వచ్చాడు. లోపల అనూహ్య నోటితో చెప్పకుండా మిషను నా వైపు తిప్పి చూపించేది, నేను రాసుకునేదాన్ని, ఆ మనిషి ఒక్కడికే చెవిలో చెప్పేవాళ్లం.

బిక్షమ్మకు మర్నాడే దవాఖానకు పోయి డాక్టరుకు చూపించుకోవాలని, గోలీలు మార్చాల్సి రావొచ్చని చెప్పాం. నీళ్లు మానొద్దని చెప్పాను. "పొలంల యాడ కూసోమంటవ్?" అని అడిగింది.

సాయంత్రం శిబిరం ఎత్తేసే ముందు, నాట్లు వేసిన బురద కాళ్లతోనే గోపమ్మ వచ్చింది. ఇటూ అటూ చూసి పరదా లోపలికి దూరింది. "తలకాయ జర దిమ్మగుంటాంది, ఊకెనే చూడుండ్రి," అంది. కూర్చోబెట్టి బీపీ చూస్తే నూట ఎనభై, నూట పది. కాసేపు ఆగి మళ్లీ చూశాం. రెండు పాయింట్లే తగ్గింది. గుండెలో నొప్పి, ఆయాసం, చేయి తిమ్మిరి ఏమన్నా ఉందా అని అనూహ్య అడిగింది. ఏమీ లేదంది. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోవాలి, నిర్లక్ష్యం చేస్తే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది అని అనూహ్య మెల్లగా చెప్పింది.

గోపమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. "మల్లీశ్వరీ, మా ముఠోళ్లకు తెల్వొద్దు. నా బిడ్డలకు గూడ తెల్వొద్దు."

"తెల్వదు."

చేయి వదిలింది. "బిక్షమ్మకు ఎంత వచ్చింది?" అని అడిగింది.

"నీది ఆమెకు చెప్పమంటవా పెద్దమ్మా?" అన్నాను.

గోపమ్మ తల దించుకుంది. చెంగుతో మొహం తుడుచుకుని, వచ్చినంత నెమ్మదిగానే పోయింది.

మర్నాడు ముఠా పొలానికి పోలేదు. ఆసామి నారు ఇంకా పీకలేదట అని గోపమ్మ అందరికీ కబురు పంపింది. నేను బిక్షమ్మను తీసుకుని బస్సెక్కాను, గాలయ్య ఆటో ఆమె ఎక్కనంది. బస్సులో ముందు సీట్లో నెత్తి నిండా కొంగు కప్పుకుని గోపమ్మ కూర్చుంది. దవాఖానలో గోలీలు ఇచ్చే దగ్గర అందరిదీ ఒకటే వరుస. మా ముందు నాలుగో మనిషి గోపమ్మ. ఆమె వంతు వచ్చి, గోలీల పొట్లం పట్టుకుని వెనక్కి తిరిగేసరికి ఎదురుగా బిక్షమ్మ. ఇద్దరూ ఒకరి చేతిలోది ఒకరు చూసుకున్నారు. గోపమ్మ పొట్లం కొంగులో దోపుకుంది. బిక్షమ్మ తన చిట్టీ పట్టుకుని ముందుకు జరిగింది. తిరుగు బస్సులో కూడా ఎవరి సీట్లో వాళ్లే. మా ఊరి బస్సు స్టేజీ దగ్గర ఇద్దరూ దిగి, ఒకరి వైపు ఒకరు చూడకుండా చెరో దారిన పోతుంటే, అక్కడ కిరాయి కోసం ఆటో పెట్టుకుని ఉన్న గాలయ్య చూశాడు.

ఆ తర్వాతి రోజు పొద్దున సబ్ సెంటరుకు పోవడానికి నేను కూడా ముఠాతో పాటు అతని ఆటో ఎక్కాను. బిక్షమ్మ ఇంటి ముందుకు రాగానే బండి ఆగింది. ఎవరూ ఆపమనలేదు. గాలయ్య పిలవలేదు, హారన్ కొట్టలేదు. గోపమ్మే దిగింది. పోయి తలుపు కొట్టింది. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు, ఎక్కువసేపు కూడా కాలేదు. బిక్షమ్మ సద్ది గిన్నెతో బయటికి వచ్చింది.

ఆమె ఎక్కబోతుంటే గాలయ్య వెనక్కి తిరక్కుండానే, ఇంజను చప్పుడులో కలిసిపోయేటట్టు అన్నాడు. "తప్పయింది అక్కా."

బిక్షమ్మ ఎక్కడం ఆపింది. "ఇంజన్ బందు చేసి చెప్పు. గప్పుడు ఊరంతకు ఇనొచ్చేటట్టు చెప్పినవు గద."

ఇంజను ఆగింది. గాలయ్య కిందికి దిగాడు. మైకు లేకుండా అతని గొంతు ఎంత చిన్నదో ఆ రోజే మాకు తెలిసింది. ముఠా అంతా చూస్తుండగా, తల దించుకుని, "తప్పయింది అక్కా, నీ ముచ్చట నేను చెప్పేది కాకుండె," అన్నాడు. కళ్లల్లోంచి నీళ్లు కారాయి. ఆమె సరేననలేదు, పోనీలే అని కూడా అనలేదు. ఎక్కి కూర్చుంది.

ముఠాలో వాళ్లకు ఏం చేయాలో తోచక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో స్వర్ణ అని ఒక పిల్ల, మాట మార్చడానికి కాబోలు, గోపమ్మను అడిగింది. "అవునే పెద్దమ్మా, నిన్న ఇంట్ల లేవు, తాళం ఉన్నది. యాడికి పోయినవు?"

గోపమ్మ చేయి తనకు తెలియకుండానే కొంగుముడి మీదికి పోయింది. అందరూ జవాబు కోసం చూస్తున్నారు. బిక్షమ్మ ఒక్క మాట అంటే చాలు.

"నాకు తోడొచ్చింది," అంది బిక్షమ్మ. "నేను ఒక్కదాన్నే దవాఖానకు పోలేనని."

గోపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి, పొలాల దిక్కు తిరిగింది. ఆమె భుజాలు కదలడం పక్కన కూర్చున్న నాకు తెలిసింది. స్టేజీ దగ్గర నిన్న ఇద్దరూ ఎలా దిగారో చూసిన గాలయ్యకు అది అబద్ధమని తెలుసు. అద్దంలో బిక్షమ్మ వైపు చూశాడు. ఏదో అనబోయాడు. మింగేసి బండి స్టార్ట్ చేశాడు.